సుముహూర్తం నుంచి సప్తపది దాకా: పెళ్లి కాలపట్టికను ఎలా లెక్కించాలి

తెలుగువారి శుభలేఖలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ముహూర్తాన్ని తెలిపే వాక్యమే. ఫలానా తిథి, ఫలానా నక్షత్రం, ఫలానా లగ్నం, ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు అని అందులో ఉంటుంది. ఆ నిమిషానికి జరిగేది జీలకర్ర బెల్లం. చాలామంది అనుకుంటున్నట్టు అది తాళి కట్టే సమయం కాదు. తాళి, తలంబ్రాలు, హోమం, సప్తపది ఆ తరువాత వరుసగా వస్తాయి. అందువల్ల పెళ్లి కాలపట్టికను వేసేవారు రెండు బిందువులను గుర్తుపెట్టుకోవాలి. ఒకటి నిమిషంతో సహా ముందే నిర్ణయమైన సుముహూర్తం, రెండవది ఏ శుభలేఖలోనూ సమయం అచ్చుకాని సప్తపది. మొదటిదాన్ని అందరూ ప్రాణంగా కాపాడతారు, రెండవదాన్ని భోజనాల తొందరలో నలిపేస్తారు. జాతకాలు చూడడం మొదలైన రోజు నుంచే ఈ రెండింటినీ దృష్టిలో ఉంచుకుంటే చివరి రోజు గందరగోళం చాలావరకు తప్పుతుంది. ఒక జంటను ఉదాహరణగా తీసుకుని ఆ వరుసను చూద్దాం.

వధువుది రోహిణీ నక్షత్రం, వృషభ రాశి అనుకుందాం. వరుడిది అనూరాధ, వృశ్చిక రాశి. పొంతన చూసే పద్ధతిలో ఎనిమిది కూటాలు, అంటే ఇద్దరి జాతకాలనూ పోల్చే అంశాలు, ఉంటాయి. వర్ణానికి 1, వశ్యానికి 2, తారకు 3, యోనికి 4, గ్రహమైత్రికి 5, గణానికి 6, రాశికి 7, నాడికి 8, మొత్తం 36 గుణాలు. సగం, అంటే 18 వస్తే సంబంధం ముందుకు తీసుకెళ్లవచ్చని సాధారణంగా అంటారు. ఈ మొత్తంలో చివరి మూడు కూటాలకే 21 గుణాలు ఉన్నాయన్నది గమనించవలసిన విషయం. మన జంటకు నాడులు వేరు, రోహిణిది అంత్యనాడి, అనూరాధది మధ్యనాడి, కనుక 8 గుణాలూ వస్తాయి. రాశులు ఒకదానికొకటి ఏడవవి, సమసప్తకం, కనుక 7 గుణాలూ వస్తాయి. వధువుది మనుష్యగణం, వరుడిది దేవగణం, అక్కడా ఇంచుమించు పూర్తిగానే వస్తాయి. మిగిలిన ఐదు కూటాలను చూడకముందే 18 దాటిపోయింది. అదే నాడి ఒకటే అయిన జంటకు మిగతావన్నీ బాగుండి 24 వచ్చినా, నాడీదోషం ఉందని పెద్దలు వెనకాడవచ్చు. కాబట్టి ఎన్ని గుణాలు వచ్చాయని అడిగి ఊరుకోకుండా, ఏ కూటంలో పోయాయని అడగాలి.

మన జంటకు లోపం ఉన్నది తారకూటంలో. రోహిణి నుంచి అనూరాధ వరకు లెక్కిస్తే 14, తొమ్మిదితో భాగిస్తే శేషం 5, అది ప్రత్యక్తార. అనూరాధ నుంచి రోహిణి వరకు లెక్కిస్తే 15, శేషం 6, అది సాధనతార, మంచిది. ఒకవైపు బాగుంది, ఇంకోవైపు బాగాలేదు. ఉన్న మూడు గుణాల్లో సగమే పోయాయి కదా అని ఇక్కడ ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవలసిన అవసరం కూడా లేదు. అయితే ఈ చిన్న లోపం ముహూర్తం వెతికేటప్పుడు మళ్లీ ఎదురవుతుంది. అది ఎలాగో కాసేపట్లో తెలుస్తుంది.

కుజదోషం గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్లాలి. లగ్నం, అంటే పుట్టిన వేళకు తూర్పున ఉదయిస్తున్న రాశి నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడు ఉంటే దోషమన్నది సాధారణ సూత్రం. పన్నెండు స్థానాల్లో ఐదు ఇందులోకే వస్తాయి. అంటే లగ్నం నుంచి మాత్రమే చూసినా పది జాతకాల్లో ఇంచుమించు నాలుగింటికి ఈ దోషం కనబడుతుంది. అందుకే శాస్త్రంలో దానికి అన్ని పరిహారాలు, మినహాయింపులు ఉన్నాయి. ఇందులో మరో చిక్కు కూడా ఉంది. నక్షత్రం దాదాపు ఒక రోజంతా ఉంటుంది, పాదం ఆరు గంటలు ఉంటుంది, కనుక పుట్టిన సమయం అరగంట అటూ ఇటూ అయినా కూటాల లెక్క సాధారణంగా మారదు. లగ్నం మాత్రం సుమారు రెండు గంటలకొకసారి మారుతుంది. పుట్టిన సమయం సరిగా తెలియని జాతకంలో కూటాల మీద ఉంచినంత నమ్మకం కుజదోషం మీద ఉంచకూడదు. ఆసుపత్రి కాగితంలో ఉన్న సమయానికీ, ఇంట్లో పెద్దలు చెప్పే సమయానికీ తేడా ఉంటే, రెండు సమయాలకూ లగ్నం వేయించి చూసిన తరువాతే సంబంధం గురించి ఒక నిర్ణయానికి రావడం న్యాయం.

సంబంధం కుదిరి తాంబూలాలు మార్చుకున్నాక అసలు వెతుకులాట మొదలవుతుంది. మంచిరోజును ఎంచుకోవడమంటే నిజానికి పనికిరాని రోజులను ఒక్కొక్కటిగా కొట్టేస్తూ పోవడమే. ఆఖరికి మిగిలినదే ముహూర్తం. ముందు మాసాలు పోతాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలుగా వదిలేస్తారు. అధికమాసం వస్తే అదీ పోతుంది. 2023లో శ్రావణమే అధికంగా వచ్చింది, జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు పెళ్లిళ్లు లేవు. 2026లో జ్యేష్ఠం అధికంగా వచ్చి మే 17 నుంచి జూన్ 15 వరకు అదే పరిస్థితి. వధూవరులు ఇద్దరూ తమ ఇళ్లలో పెద్ద సంతానమైతే నిజజ్యేష్ఠంలో కూడా చేయరు, మూడు జ్యేష్ఠాలు కలవకూడదని పట్టింపు.

మాసాల తరువాత మౌఢ్యం, జనం మూఢమనేది. గురువు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి కంటికి కనబడకుండా పోయే కాలమది. గురు మౌఢ్యం ఇంచుమించు ఏడాదికొకసారి వచ్చి నెల రోజుల వరకు ఉంటుంది. శుక్ర మౌఢ్యం రెండు రకాలు. సూర్యుడికి అవతలి వైపు వెళ్లినప్పుడు రెండు నెలలకు పైగా ఉండవచ్చు, ఇవతలి వైపు నుంచి దాటినప్పుడు కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. ఏడాది ముందే కల్యాణ మండపం మాట్లాడుకునే కుటుంబాలు మొదట చూడవలసింది ఈ మౌఢ్య దినాలనే. మండపం ఖాళీగా ఉన్న తేదీని ముందు పట్టుకుని, ఆ తరువాత దానికి ముహూర్తం పెట్టమని పురోహితుడిని అడిగితే, ఆయన లేని ముహూర్తాన్ని సృష్టించలేరు. ఎక్కడో ఒకచోట రాజీపడి ఏదో ఒకటి రాసి ఇస్తారు. ఆ రాజీ ఎక్కడ జరిగిందో ఇంటివారికి తెలియకుండానే పెళ్లి అయిపోతుంది.

ఇప్పుడు మన జంట దగ్గరకు వద్దాం. వివాహానికి ప్రశస్తమని చెప్పే నక్షత్రాలు ప్రధానంగా పదకొండు. అవి రోహిణి, మృగశిర, మఖ, ఉత్తర, హస్త, స్వాతి, అనూరాధ, మూల, ఉత్తరాషాఢ, ఉత్తరాభాద్ర, రేవతి. వీటిలో ప్రతిదానికీ వధూవరులిద్దరి జన్మనక్షత్రాల నుంచి తారాబలం చూడాలి. జన్మనక్షత్రం నుంచి ఆనాటి నక్షత్రం వరకు లెక్కించి తొమ్మిదితో భాగించినప్పుడు శేషం 3 విపత్తు, 5 ప్రత్యక్కు, 7 నైధనం కనుక అవి పనికిరావు. వధువు రోహిణి నుంచి చూస్తే మఖ, మూల నైధనమయ్యాయి, స్వాతి విపత్తు అయింది, అనూరాధ, ఉత్తరాభాద్ర ప్రత్యక్తారలయ్యాయి. ఐదు పోయాయి. మిగిలినవాటిని వరుడి అనూరాధ నుంచి లెక్కిస్తే మృగశిర నైధనం, ఉత్తర, ఉత్తరాషాఢ ప్రత్యక్తారలు. మరో మూడు పోయాయి. ఇక మిగిలింది రోహిణి, హస్త, రేవతి. రోహిణి వధువు జన్మనక్షత్రమే కాబట్టి చాలామంది ముందుగా దాని జోలికి వెళ్లరు. హస్త ఆమెకు పదవ నక్షత్రం, శేషం 1, కనుక మధ్యమం. వరుడికి సాధనతార, బాగుంది. ఇద్దరికీ ఏ అభ్యంతరమూ లేనిది రేవతి ఒక్కటే.

పొంతనలో ఎవరూ పట్టించుకోని తారకూటపు లోపం ఇక్కడ ఎదురైంది. రెండు నక్షత్రాల మధ్య దూరం 14 కావడం వల్ల ఒకరికి మంచిదైన తార మరొకరికి ప్రత్యక్కో నైధనమో అవుతోంది. ఇలాంటి జంటలకు తేదీలు దొరకడం కష్టమని సంబంధం కుదిరిన రోజే చెప్పవచ్చు. దగ్గరి బంధువులకు ఆ రోజే ఆ సంగతి తెలియజేస్తే సెలవుల గురించీ, ప్రయాణాల గురించీ తరువాత నిష్ఠూరాలు రావు.

రేవతి నెలకొకసారి వస్తుంది. అయినా ప్రతి నెలా పనికిరాదు. ఆ రోజు చంద్రుడు మీనంలో ఉంటాడు. వధువు వృషభానికి అది పదకొండవ రాశి, చంద్రబలం నిండుగా ఉంటుంది. వరుడి వృశ్చికానికి అయిదవది. రెండు, అయిదు, తొమ్మిది స్థానాల చంద్రుడు శుక్లపక్షంలో మంచివాడని, కృష్ణపక్షంలో బలం చాలదని నియమం. కాబట్టి శుక్లపక్షంలో వచ్చే రేవతి కావాలి. కార్తికంలో అది పున్నమికి రెండు మూడు రోజుల ముందు వస్తుంది, మార్గశిరంలో దశమి ప్రాంతంలో, మాఘంలో పంచమి ప్రాంతంలో, ఫాల్గుణంలో విదియ తదియల్లో వస్తుంది. వైశాఖానికి వచ్చేసరికి బహుళపక్షంలోకి జారిపోతుంది. ఎండాకాలం పెళ్లే కావాలంటే అప్పుడు హస్తను చూసుకోవాలి. వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం మూడింటిలోనూ హస్త శుక్లపక్షంలోనే వస్తుంది. ఆ రోజు చంద్రుడు కన్యలో ఉంటాడు, వరుడికి పదకొండు, వధువుకు అయిదు. అంటే ఈ జంటకు ఏడాది మొత్తం మీద పరిశీలించదగిన రోజులు సుమారు ఏడు. వీటిలోంచి మౌఢ్యంలో పడినవి, మంగళవారం వచ్చినవి, చవితి, నవమి, చతుర్దశి అనే రిక్త తిథులు తగిలినవి తీసేస్తే రెండో మూడో మిగులుతాయి. అందరూ ఒకే రోజున పెళ్లిళ్లు ఎందుకు పెట్టుకుంటారని విసుక్కునేవారు ఈ జల్లెడను ఒకసారి దగ్గరగా చూడాలి.

రోజు దొరికింది, మాఘ శుద్ధ పంచమి, రేవతి, ఫిబ్రవరి మధ్యలో అనుకుందాం. ఇప్పుడు లగ్నం. వధూవరుల జన్మరాశులకు ఎనిమిదవదైన లగ్నం కూడదు. వృషభానికి ఎనిమిదవది ధనుస్సు, వృశ్చికానికి ఎనిమిదవది మిథునం, ఆ రెండూ పోయాయి. ముహూర్త లగ్నానికి ఏడవ స్థానం గ్రహాలు లేకుండా శుద్ధంగా ఉండాలి, ఎనిమిదిలో ముఖ్యంగా కుజుడు ఉండకూడదు. ఆ ఏటి గ్రహస్థితి అనుకూలిస్తే వృషభ లగ్నం బాగుంటుంది, మీనంలోని చంద్రుడు దానికి లాభస్థానంలో పడతాడు. ఫిబ్రవరి మధ్యలో హైదరాబాద్‌లో వృషభ లగ్నం పగలు దాదాపు 11.46కు మొదలవుతుంది. లగ్నం సుమారు రెండు గంటలున్నా అందులో శ్రేష్ఠమైన భాగం పుష్కరాంశ. లగ్నాన్ని తొమ్మిది నవాంశలుగా విభజిస్తే ఒక్కొక్కటి 3 డిగ్రీల 20 నిమిషాల కొలత, గడియారంలో 13 నిమిషాలు. వృషభంలో మూడవ నవాంశ, అయిదవ నవాంశ పుష్కరాంశలు. మూడవది ఆ రోజు సుమారు 12.11 నుంచి 12.24 వరకు ఉంటుంది. పురోహితుడు 12.18 అని రాస్తారు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. వరుడి తరఫువారు తమ ఊరి సౌకర్యం కోసం పెళ్లిని విజయవాడకు మార్చారనుకోండి. విజయవాడ హైదరాబాద్‌కు తూర్పున ఇంచుమించు రెండు డిగ్రీలకు పైగా ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ లగ్నం దాదాపు 9 నిమిషాలు ముందే ఉదయిస్తుంది. హైదరాబాద్‌లో 12.11కు మొదలయ్యే పుష్కరాంశ విజయవాడలో 12.02కే మొదలై 12.15కు ముగుస్తుంది. శుభలేఖలో 12.18 అలాగే ఉండిపోతే, వెతికి వెతికి పట్టుకున్న అంశ దాటిపోయాక జీలకర్ర బెల్లం పెడతారన్నమాట. ఊరు మారితే ముహూర్తాన్ని మళ్లీ గణింపజేయాలి. విదేశాల్లో చేసే పెళ్లికైతే ఇక్కడి సమయాన్ని అక్కడి గడియారంలోకి మార్చుకుంటే సరిపోదు, ఆ ఊరి సూర్యోదయం నుంచి అంతా కొత్తగా లెక్కించాలి. ఆకాశంలో కనబడే గ్రహస్థితిని బట్టి లెక్కించే దృక్ పంచాంగానికీ, పాత సూత్రాలతో లెక్కించే పూర్వపద్ధతి పంచాంగానికీ తిథి నక్షత్రాల ముగింపులో గంటల తేడా రావచ్చు కాబట్టి, ఇరువైపుల పురోహితులూ ఏ పంచాంగాన్ని అనుసరిస్తున్నారో లగ్నపత్రిక రాసుకునే రోజునే ఒక మాటకు రావాలి. పెళ్లి పీటల దగ్గర ఆ చర్చ మొదలైతే ఎవరికీ మనశ్శాంతి ఉండదు.

రాత్రి ముహూర్తాలకు మరో జాగ్రత్త కావాలి. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మారిపోతుంది. గురువారం రాత్రి 2.30కు ముహూర్తమంటే క్యాలెండరులో అప్పటికే శుక్రవారం వచ్చేసింది. అందుకే పాతకాలపు శుభలేఖల్లో ‘గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం’ అని స్పష్టంగా రాసేవారు. ఆ నాలుగు మాటలు తీసేసి తేదీ ఒక్కటే అచ్చువేయిస్తే బంధువులు పెళ్లి అయిపోయిన మర్నాడు రాత్రి వస్తారు. మండపం, వాహనాలు, వాద్యాలవారు అందరికీ రెండు తేదీలూ, రెండు వారాలూ రాతపూర్వకంగా ఇవ్వాలి.

పెళ్లికి ముందు రోజుల పనులు సులువుగానే సర్దుకుంటాయి. పసుపు కొట్టడం, పందిరి రాట, నలుగు, పెళ్లికూతురిని, పెళ్లికొడుకును చేయడం వంటివాటికి వారం, తిథి చూసుకుంటే చాలు, వీటికి నిమిషాల పట్టింపు లేదు. స్నాతకం ఉన్న కుటుంబాల్లో దాన్ని పెళ్లినాటి ఉదయమే పెట్టుకుంటే రెండు మూడు గంటలు పోతాయి, కనుక మధ్యాహ్నపు ముహూర్తానికి ముందురోజే చేసుకోవడం మేలు.

పెళ్లినాటి పట్టికను 12.18 నుంచి వెనక్కి లెక్కించాలి. జీలకర్ర బెల్లానికి ముందు కన్యాదానం పూర్తికావాలి. కన్యాదానంలో ఇరువైపులా మూడేసి తరాల పేర్లతో గోత్రప్రవరలు చెప్పి, సంకల్పం చేసి, వరుడి కాళ్లు కడిగి దానం ఇవ్వడానికి ముప్పావు గంట తీసుకుంటే తొందర లేకుండా జరుగుతుంది. అంటే 11.15కు కన్యాదానం మొదలుపెట్టాలి. దానికి ముందు వరపూజ, గణపతిపూజ, పుణ్యాహవాచనం ఉంటాయి, కాబట్టి 10 గంటలకు వరుడు పీటల మీద కూర్చోవాలి. ఎదురుకోలు 9 గంటలకు ముగియాలి. వధువు గౌరీపూజ ఇదే సమయంలో లోపల జరుగుతుంటుంది. ఆలస్యం ఎప్పుడూ ఈ మొదటి భాగంలోనే జరుగుతుంది. వరుడి తరఫువారి విడిది దూరమైతే, ఊరేగింపు సాగితే, అలంకరణ పూర్తికాకపోతే అరగంట ఇట్టే పోతుంది. ఆ అరగంటను సర్దడానికి పురోహితుడు కోయగలిగింది ప్రవరలూ సంకల్పమూ మాత్రమే, ఎందుకంటే ముహూర్తం కదలదు. 12 గంటలకు అడ్డుతెర పట్టే సమయానికి కన్యాదానం ఇంకా సగంలోనే ఉంటే పట్టిక ఉదయమే తప్పిందని గ్రహించాలి.

12.18కి తెర ఇవతల, అవతల నుంచి వధూవరులు ఒకరి శిరసు మీద ఒకరు జీలకర్ర బెల్లం ఉంచుతారు, తెర తొలగుతుంది, ఒకరినొకరు చూసుకుంటారు. తరువాత వధువు నడుముకు దర్భతాడు కట్టే యోక్త్రబంధనం, మాంగల్యధారణ, తలంబ్రాలు, బ్రహ్మముడి. ఒంటి గంట దాటుతుంది. ఈ క్షణం నుంచే జనం లేస్తారు. అక్షతలు వేయడానికి వరుస కడతారు, ఫొటోలు మొదలవుతాయి, భోజనాల పిలుపు వస్తుంది. అగ్నికార్యం ఇంకా ప్రారంభమే కాలేదు.

హోమం మొదలయ్యాక ఏం జరగాలో ఇంటివారికి తెలిసి ఉండాలి. తెలుగునాట ఎక్కువగా అనుసరించే ఆపస్తంబ సూత్రం ప్రకారం అగ్నిని ప్రతిష్ఠించాక పాణిగ్రహణం, వరుడు వధువు చేయి పట్టుకోవడం. ఆ వెంటనే సప్తపది. అగ్ని పక్కన కుడిపాదం ముందు వేయిస్తూ వరుడు ఆమెను ఏడు అడుగులు నడిపిస్తాడు. అన్నం, బలం, వ్రతం, సుఖం అంటూ ఒక్కో అడుగుకూ ఒక్కో కోరిక మంత్రంలో ఉంటుంది, ఏడవ అడుగు దగ్గర ఆమెను సఖిగా సంబోధిస్తాడు. తరువాత ప్రధానహోమం, పదహారు ఆజ్యాహుతులు. ఆ తరువాత సన్నికల్లు తొక్కించడం, లాజహోమం, అగ్నికి ప్రదక్షిణం. లాజహోమంలో వధువు దోసిలికి నేయి రాసి, ఆమె సోదరుడు పేలాలు పోస్తాడు, వాటిని అగ్నిలో వేస్తారు. ఈ మూడూ కలిసి మూడుసార్లు జరగాలి. ఆశ్వలాయనుల సూత్రంలో క్రమం వేరు, లాజహోమం తరువాత సప్తపది వస్తుంది. వధూవరుల కుటుంబాల సూత్రాలు వేరైతే సాధారణంగా వరుడి సూత్రాన్ని అనుసరిస్తారు. ఈ సంగతి ముందే పురోహితుడితో మాట్లాడుకోవాలి.

అగ్ని చుట్టూ ఏడుసార్లు తిరగడమే సప్తపది అని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు. అది ఉత్తరాది ఆచారం. మన పద్ధతిలో సప్తపది వేసే అడుగులు, ప్రదక్షిణలు వేరు, వాటి సంఖ్య మూడు. ఫొటోల కోసం ఏడు చుట్లు తిప్పి, అసలు అడుగులు వేయించకుండా వదిలేసిన పెళ్లిళ్లు చూసినప్పుడు బాధ కలుగుతుంది, ఎందుకంటే పోయింది అలంకారం కాదు, క్రతువు గుండెకాయే.

ఈ అడుగులకు చట్టంలోనూ స్థానం ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం, వధూవరులలో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం వివాహ క్రతువు జరగాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే, ఏడవ అడుగు వేసినప్పుడే వివాహం పూర్తయి కట్టుబాటు అవుతుంది. సప్తపది లేని ఆచారాల పెళ్లిళ్లు కూడా తమ ఆచారం ప్రకారం జరిగితే చెల్లుతాయి. క్రతువు ఏదీ జరగకుండా కేవలం రిజిస్ట్రేషన్ పత్రం తీసుకుంటే ఈ చట్టం కింద అది వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వీసా తొందరలో ముందు రిజిస్ట్రేషన్, తరువాత పెళ్లి అనుకునే కుటుంబాలు ఈ వరుసను గమనించాలి. సప్తపది జరిగిన ఫొటోలూ వీడియో భాగమూ విడిగా భద్రపరచుకోవడం మంచిది.

అగ్నికార్యం మంత్రలోపం లేకుండా జరగడానికి గంటకు పైగా కావాలి. 1.30కు మొదలైతే 2.45 దాకా అనుకోవాలి. దీన్ని కాపాడుకోవాలంటే పట్టికలో హోమానికి సొంతంగా ఒక గడి కేటాయించి, అక్షతలు వేసే వరుసను సప్తపది అయ్యేవరకు ఆపమని ఇంటి పెద్ద ఒకరు మైకులో చెప్పాలి. భోజనాలు ఒకవైపు సాగనివ్వవచ్చు, కానీ వధువు సోదరుడిని మాత్రం లాజహోమం అయ్యేదాకా వడ్డన పనికి పంపకూడదు. మండపంలో నిప్పుకు అనుమతి ఉందో లేదో బయానా ఇచ్చే ముందే అడగాలి. ఏసీ హాళ్లలో పొగకు అలారం మోగుతుందని పళ్లెంలో నాలుగు కర్పూరం బిళ్లలతో సరిపెడతారు. ఇటుకలు, ఇసుక, సమిధలు, నేయి, పేలాలు, సన్నికల్లు ముందురోజు రాత్రే వేదిక దగ్గరకు చేరాయో లేదో ఒకరు చూసుకోవాలి. హోమం మధ్యలో పేలాల కోసం వెతకడం మొదలైతే లాజహోమం మూడుసార్లు జరగవలసింది ఒక్కసారితో ముగిసిపోతుంది.

చివరగా అరుంధతీ దర్శనం. ఇది చుక్క పొడిచాక చేసేది, కనుక పగటి ముహూర్తం పెళ్లిలో మధ్యాహ్నమే పైకప్పు వైపు చూపించడం ఒక లాంఛనం మాత్రమే. సప్తర్షి మండలంలో తోక వైపు నుంచి రెండవ నక్షత్రం వసిష్ఠుడు, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న సన్నని చుక్క అరుంధతి. వైశాఖ, జ్యేష్ఠాల్లో చీకటి పడగానే అది ఉత్తరాన ఎత్తుగా కనిపిస్తుంది. మన ఉదాహరణలోలా ఫిబ్రవరి మధ్యలో అయితే రాత్రి తొమ్మిది, పది దాటాక ఈశాన్యం వైపు చూడాలి. కార్తిక, మార్గశిరాల్లో అర్ధరాత్రి దాటితే గాని అది ఉదయించదు, ఆ నెలల్లో నిజంగా చూడదలచినవారు తెల్లవారుజామున లేవాలి. పూర్వం పెళ్లి తరువాత మూడు రాత్రులు వ్రతంగా ఉండి నాలుగవ రాత్రి శేషహోమం చేసేవారు, ఇప్పుడు దాన్నీ ఆ రోజే కలిపేస్తున్నారు. అయినా రాత్రి పదింటికి, అప్పగింతలు అయి అందరూ సర్దుకున్నాక, కొత్త జంటను మేడమీదికి తీసుకెళ్లి ఆ చుక్కను చూపించడానికి పావుగంట చాలు. పట్టికలో ఆ గడి కూడా రాసుకోవాలి.